నూట రెండు రంగు పేజీలు

విజ్దాన్‌కు ముక్కు మీద కోపమని బైన్ అల్-సరాయాత్ సందుల్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు తెలియడానికి పావుగంట చాలు. విశ్వవిద్యాలయం గోడకు ఎదురుగా ఇరుకు సందుల నిండా జిరాక్సు కొట్లే. ఆ సందులో ఆడమనిషి నడిపే కొట్టు మాత్రం ఆమెదొక్కటే. రెండు నలుపు తెలుపు మిషన్లు, కాగితం కోసే పెద్ద కత్తి, ఇనుప ప్రెస్సు, అట్ట మీద బంగారు అక్షరాలు అద్దే చిన్న యంత్రం, ఒక ఫ్యాను. ఆ ఫ్యానైనా ఆమె వైపు తిరగదు, మిషన్ల వైపే తిరుగుతుంది. మిషను వేడెక్కితే కాగితం ఇరుక్కుంటుంది, తను వేడెక్కితే మహా అయితే నాలుగు తిట్లు బయటికొస్తాయి అని ఆమె లెక్క.

ఎదురుగా హాజీ మెత్వల్లీ కొట్టు ఉంది. అద్దాల తలుపులు, ఏసీ, మూడు కలర్ మిషన్లు, గోడకు నిలువెత్తు ధరల బోర్డు. హాజీ దగ్గర లేనిదల్లా బైండింగ్ చేసే చెయ్యి. ఆయన తీసుకున్న ప్రతి రిపోర్టూ అట్ట కోసం సందు దాటి విజ్దాన్ దగ్గరికే వస్తుంది. పిల్లల దగ్గర కాపీకి వంద పౌండ్లు తీసుకుని ఆమెకు అరవై ఇస్తాడు. మధ్యలో ఆ నలభై ఎవరి కష్టమని ఆమె ఎన్నడూ అడగలేదు. జూన్ నెలలో వచ్చే ఆ అరవైలే ఆమెకు ఏడాది అద్దె.

అందుకు బదులుగా ఆమె చేయాల్సింది చాలా చిన్నది. రంగు పేజీలున్న రిపోర్టు ఎవరైనా పట్టుకొస్తే, "ఎదురుగా వెళ్ళమ్మా" అని పంపేయాలి. రిపోర్టులో రంగు పేజీలు మాత్రమే విడిగా వేసివ్వడం ఆ సందులో కలర్ కొట్ల వాళ్ళెవరూ చేయరు. ఇస్తే పని మొత్తం ఇవ్వాలి, లేకపోతే లేదు. ఈ మాట ఏ బోర్డు మీదా ఉండదు. అడిగితే, "అబ్బే, అలాంటిదేం లేదే" అంటారు. ఆరేళ్ళుగా విజ్దాన్ కూడా అలాగే అంటూ వచ్చింది.

ఆ మంగళవారం పొద్దున్న ఆమె ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ శాండ్‌విచ్ సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి, హాజీ పంపిన కట్టలు లెక్క పెడుతోంది. ఏడు జట్లవి, జట్టుకి ఆరేసి, మొత్తం నలభై రెండు కాపీలు. అన్నీ ముద్రణ అయిపోయి అట్టల కోసం ఎదురు చూస్తున్నాయి. అప్పుడు ఒక అమ్మాయి విసవిసా కొట్లోకి వచ్చి, బల్ల మీద ఒక చీటీ విసిరినంత పని చేసింది. ఆమె వెనక బక్కపలచని అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"టాంట్, బైండింగ్ ఒక్కటే అయితే ఎంత? ముద్రణ కాదు, బైండింగే" అంది అమ్మాయి. ఈ పిల్లలకు పెద్దాడవాళ్ళందరూ టాంటులే.

"తొంభై. గట్టి అట్ట, బంగారు అక్షరాలు. ముద్రణ ఎక్కడ?"

"ఎక్కడా కాలేదు. అయ్యేట్టు కూడా లేదు." అమ్మాయి గొంతు వణికింది. అది ఏడుపు వణుకు కాదు, ఒళ్ళు మండిన వణుకు. విజ్దాన్‌కు ఆ తేడా బాగా తెలుసు.

అమ్మాయి పేరు రఘ్దా, అబ్బాయి బిషోయ్. సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది. ఐదుగురి జట్టు, నూట నలభై పేజీల రిపోర్టు. గురువారం మధ్యాహ్నం పన్నెండులోపు ఆరు కాపీలు బైండు చేసి డిపార్టుమెంటులో ఇవ్వాలి. ఇవ్వకపోతే సెప్టెంబరు దాకా పట్టా లేదు. రఘ్దాకు జూలై ఒకటిన ఒక కంపెనీలో ఉద్యోగం మొదలు, పట్టా చూపిస్తేనే. ఐదుగురూ జేబులు దులిపి పోగు చేసింది పదహారు వందల పౌండ్లు.

విజ్దాన్ చీటీ చూసింది. హాజీ చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉంది. ఎనిమిది వందల నలభై రంగు పేజీలు, నూరు దాటింది కాబట్టి పేజీ నాలుగున్నర, మూడు వేల ఏడు వందల ఎనభై. బైండింగ్ ఆరు, ఆరు వందలు. మొత్తం నాలుగు వేల మూడు వందల ఎనభై.

"ఎదురుగా వెళ్ళు" అనే మాట అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వాళ్ళు వచ్చిందే అక్కణ్ణుంచి.

"ఎనిమిది వందల నలభై రంగు పేజీలా? నీ రిపోర్టు కాలవల మీదా, పెళ్ళి ఆల్బమా?"

"కాలవల మీదే టాంట్" అన్నాడు బిషోయ్, అమాయకంగా. "పూడిక మ్యాపులు పదిహేడు. మిగతాదంతా నలుపు అక్షరాలే. కానీ హాజీగారు మా ఫైలు మిషన్లో పెట్టి చూపించారు. మీటరు ప్రతి పేజీనీ రంగు పేజీగానే లెక్క కడుతోంది. మా కళ్ళతో చూశాం."

"తెరువు ఫైలు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. మొదటి పేజీ చూడగానే విషయం అర్థమైంది. నిజానికి చూడక ముందే అర్థమైంది. ప్రతి పేజీ నెత్తిన వెంట్రుక మందాన నీలి గీత ఒకటి ఉంది. డిపార్టుమెంటు వాళ్ళిచ్చిన నమూనాలో ఉండే గీతే. ప్రతి ఏడూ పిల్లలు ఆ నమూనాలోనే రిపోర్టు రాస్తారు, ప్రతి ఏడూ ఆ గీత అలాగే ఉండిపోతుంది.

"ఇదిగో, దీని మహిమ" అంది విజ్దాన్, గోటితో గీతని చూపిస్తూ. "కలర్ మిషనుకి పేజీ నిండా బొమ్మ ఉన్నా ఒకటే, ఇంత గీత ఉన్నా ఒకటే. చుక్క రంగు తగిలితే చాలు, మీటరు రంగు పేజీ అని తిరుగుతుంది. హాజీ అబద్ధం చెప్పలేదు. మిషను లెక్క మిషను చెప్పింది."

"మరి గీత తీసేస్తే?"

"తీయక్కర్లేదు. నా మిషన్లో వేస్తే అదే బూడిద రంగు గీతయి కూర్చుంటుంది. నా మిషనుకి రంగంటే ఏంటో తెలీదు. మీ డిపార్టుమెంటు వాళ్ళు గీత నీలంగానే ఉండాలన్నారా?"

"లేదు. ముఖపత్రం మీద ముద్ర ఒక్కటే రంగులో ఉండాలన్నారు. అదీ ఆ పదిహేడులోనే ఉంది" అంది రఘ్దా. "పదహారు మ్యాపులు, ఒక ముఖపత్రం. వీడికి లెక్క రాదు."

విజ్దాన్ చెవి మీది పెన్సిలు తీసి హాజీ చీటీనే వెనక్కి తిప్పి రాసింది. ఒక కాపీకి పదిహేడు రంగువి, నూట ఇరవై మూడు నలుపువి. ఆరు కాపీలకు నలుపు ఏడు వందల ముప్ఫై ఎనిమిది. ఐదు వందలు దాటితే ఆమె దగ్గర పేజీ పౌండు కాదు, అరవై పియాస్తర్లే, పౌండుకి వంద పియాస్తర్లు. నాలుగు వందల నలభై రెండు పౌండ్ల ఎనభై. రంగువి నూట రెండు, నాలుగున్నర చొప్పున నాలుగు వందల యాభై తొమ్మిది. ఆరు అట్టలు, ఐదు వందల నలభై. గీత గీసి కూడింది. పద్నాలుగు వందల నలభై ఒకటి, ఎనభై పియాస్తర్లు.

బిషోయ్ ఆ అంకె చూసి నోరు వెళ్ళబెట్టాడు. రఘ్దా మాత్రం చీటీని ఆ వైపూ ఈ వైపూ రెండుసార్లు తిప్పి చూసి, తలెత్తి విజ్దాన్ కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"ఇది మీకు ఎప్పట్నుంచి తెలుసు టాంట్?"

విజ్దాన్ పెన్సిలు తిరిగి చెవి మీద పెట్టుకుంది.

"మా అక్క నాలుగేళ్ళ కింద ఇక్కడే చేయించింది. ఎదురుకొట్లో. మా అమ్మ బంగారు గాజు అమ్మి కట్టింది. అట్ట మీరే వేసుంటారు కదూ?"

ఆ మాట అంటున్నప్పుడు అమ్మాయి గొంతులో నింద కూడా లేదు. ఉంటే బాగుండేది. నిందిస్తే విజ్దాన్ తిరిగి రెండు అనేసి బయటపడేది. తిట్టడానికి ఎవరూ దొరకనప్పుడు ఆమె కోపం తన మీదికే తిరుగుతుంది. ఆరేళ్ళ నుంచి ఎన్ని అట్టలు వేసిందో, వాటి లోపల ఎన్ని బూడిద రంగు కావాల్సిన గీతలు నీలంగా ఉన్నాయో లెక్కే లేదు. ఏ అట్ట వేసేటప్పుడూ తను లోపలి పేజీ తిప్పి చూడలేదు. చూడలేదనడం కూడా అబద్ధమే. చూసింది.

"రంగు పేజీలు విడిగా అడిగారా?" అంది చివరికి.

"అడిగాం. రిపోర్టులో ముక్కలు వేయం అన్నాడు. మొత్తం ఇస్తే వేస్తానన్నాడు. పక్క కొట్లో కూడా అదే మాట. మూడో కొట్లో నవ్వారు."

విజ్దాన్ సగం శాండ్‌విచ్ తీసి రెండు ముద్దల్లో మింగేసి, చేతులు తుడుచుకుంది. "ఆ పదిహేడు పేజీలూ వేరే ఫైలు చెయ్యి నాయనా. పేజీ నంబర్లు మారనివ్వకు, అసలు నంబర్లే ఉండాలి. ఎడమ పక్క మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉందో లేదో చూడు, రంగు పొడి మీద జిగురు పట్టదు. ఒక వైపే కదా ముద్రణ?"

"ఒక వైపే. అదే రూలు."

"మీ అదృష్టం. రెండు వైపులా అయితే ఈ ఆటలన్నీ కుదరవు, రంగు పేజీ వీపున నలుపు పేజీ ఎక్కి కూర్చునుండేది. పద ఇంజినీరమ్మా. డబ్బు తీసుకో."

కొట్టు మీద బిషోయ్‌ని కూర్చోబెట్టి, రఘ్దాని వెంటేసుకుని ఆమె సందు దాటింది. దాటుతున్నప్పుడే తెలుసు, ఇవాళ హాజీతో తాడో పేడో తేలిపోతుందని. నలభై రెండు కాపీలకి అరవై చొప్పున రెండు వేల ఐదు వందల ఇరవై ఆమె బల్ల మీదే ఉంది, ఇంకా రాబోయేవి ఎన్నో. ఇంటి యజమాని ముఖం కూడా ఒకసారి కళ్ళ ముందు మెదిలింది. అయినా కాళ్ళు ఆగలేదు.

హాజీ మెత్వల్లీ కొట్లో ఇరవై మంది దాకా పిల్లలున్నారు. హాజీ గల్లాపెట్టె వెనక టీ గ్లాసు పట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. విజ్దాన్‌ని చూసి ముఖం విప్పారింది.

"రా చెల్లెమ్మా, రా. అట్టలు అయిపోయాయా అప్పుడే? నీ చేతులు చేతులు కాదు."

"అట్టల కోసం రాలేదు హాజీ. నూట రెండు రంగు పేజీలు వేయించుకోడానికి వచ్చాను. ఫైలు ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది."

హాజీ చూపు ఆమె వెనకున్న రఘ్దా మీద పడింది. టీ గ్లాసు కింద పెట్టాడు. గొంతు తగ్గించి, ఇంకాస్త తీపి కలిపి అన్నాడు, "ఈ పిల్లా? ఈ పిల్ల రిపోర్టు మొత్తం ఇటు ఇప్పించు. అట్టలు నీకే వస్తాయిగా. నీ అరవై ఎక్కడికి పోతుంది?"

"నా అరవై సంగతి తర్వాత. రంగు పేజీ ఎంత?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. బోర్డుకి తెలుసో లేదో చూస్తున్నా." విజ్దాన్ గొంతు తగ్గించే మనిషి కాదు. కొట్టంతా వినేట్టు చదివింది. "రంగు పేజీ ఆరు పౌండ్లు. నూరు దాటితే నాలుగున్నర. నావి నూట రెండు. నాలుగు వందల యాభై తొమ్మిది. డబ్బు ఇచ్చెయ్యి తల్లీ."

రఘ్దా నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. హాజీ వాటిని ముట్టుకోలేదు.

"రిపోర్టులో ముక్కలు వేయం చెల్లెమ్మా. అది పద్ధతి."

"ఎక్కడుంది ఆ పద్ధతి? బోర్డు మీద లేదే. వెనక రాశావా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. హాజీ చెవులు ఎర్రబడ్డాయి.

"మిషను వేడెక్కించాలి, రంగులు సరిచూడాలి. ముక్కల పనికి గిట్టదు."

అప్పుడు విజ్దాన్ కలర్ మిషన్ల వైపు చూసింది. మధ్య మిషను పని చేస్తూనే ఉంది. దాని నోట్లోంచి ఒక్కొక్కటే బొమ్మలు వస్తున్నాయి. నీలి కుండలు, పూల పలకలు, పింగాణీ పక్షులు. పక్కన ఒక పొడుగాటి కుర్రాడు వాటిని జాగ్రత్తగా అందుకుంటున్నాడు.

"నాయనా, ఏ కళాశాల?"

"లలిత కళలు, టాంట్."

"ఎన్ని పేజీలు?"

"నూట ఇరవై."

"అన్నీ రంగువేనా? నలుపు పేజీలు ఏమైనా ఇచ్చావా ఈయనకి?"

"లేదు టాంట్, బొమ్మలు మాత్రమే. రాసిన భాగం ఇంట్లో వేసుకున్నా." కుర్రాడికి తను ఏ గొడవలో కాలు పెట్టాడో తెలియలేదు పాపం.

"పేజీ ఎంత తీసుకున్నాడు?"

"నాలుగున్నర."

విజ్దాన్ హాజీ వైపు తిరిగింది. బోర్డు మీది నాలుగున్నరని వేలితో చూపించింది. వరసలో వాళ్ళంతా అటే చూశారు.

"అది వేరు" అన్నాడు హాజీ. "అది రిపోర్టు కాదు."

"కాగితానికి తెలుసా హాజీ, తను రిపోర్టో, కుండల బొమ్మో? నీ మీటరుకి తెలుసా?"

"నువ్వు నా కొట్టుకొచ్చి నాకు పాఠాలు చెప్తున్నావా?"

"చెప్పాల్సింది ఆరేళ్ళ కిందట. ఆలస్యమైంది, తప్పు నాదే." ఆమె గొంతు ఇప్పుడు పెద్దగా లేదు, కానీ గట్టిగా ఉంది. "పిల్లలూ, ఎవరెవరి రిపోర్టుల్లో పేజీల మీద నీలి గీత ఉందో చూసుకోండి. ఆ గీత ఒక్కదాని కోసం మీరు నలుపు పేజీకి రంగు డబ్బు కడుతున్నారు. అరవై పియాస్తర్ల పేజీకి నాలుగున్నర పౌండ్లు. రంగు పేజీలు విడిగా, నలుపు పేజీలు విడిగా వేయించుకుని, మధ్యలో చేత్తో పేర్చుకుంటే సరిపోతుంది."

కొట్లో గుసగుసలు లేచాయి. వరసలో నిలబడ్డవాళ్ళు ల్యాప్‌టాపులు తెరిచారు. "ఓరి దేవుడా, నాకూ ఉంది" అంది ఒక అమ్మాయి. ఇంకొకడు తన చీటీ తీసి వేళ్ళ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు.

హాజీ లేచి నిలబడ్డాడు. ఇప్పుడు తీపి లేదు. "బాగుంది. చాలా బాగుంది. అయితే నా అట్టలు నీ దగ్గర ఎందుకు? ఈ గంటలో నా నలభై రెండు కాపీలు వెనక్కి తెచ్చుకుంటా. ఫైసల్ వీధిలో మిషన్తో జిగురేసేవాడున్నాడు, యాభైకే చేస్తాడు. ఇంక ఒక్క కాగితం నీ గుమ్మం ఎక్కదు. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"తెచ్చుకో. కానీ ముందు నా నూట రెండు పేజీలు వెయ్యి. వేయనంటావా, ఆ మాటే బోర్డు మీద రాయించు. 'ఫలానా వాళ్ళకి వేయను, ఎందుకంటే ఇందుకు' అని. సుద్దముక్క నేనిస్తా."

హాజీ చుట్టూ చూశాడు. ఇరవై మంది పిల్లలు ఆయన ముఖంలోకే చూస్తున్నారు. వేయనంటే ఆ ఇరవై మంది ముందూ ఎందుకు వేయనో చెప్పాలి. వేస్తే మాట పోతుంది. వ్యాపారి కదా, బల్ల మీదున్న నాలుగు వందల యాభై తొమ్మిది వైపే మొగ్గాడు. నోట్లు లాగి గల్లాపెట్టెలో పడేసి, మిషను మీదున్న మనిషికి చేత్తో సైగ చేశాడు.

విజ్దాన్ మిషను పక్కనే నిలబడింది. ముందు మీటరు అంకె చదివి అరచేతి మీద పెన్సిలుతో రాసుకుంది. కాగితం కట్ట తిప్పి చూసింది. ఎనభై గ్రాములు, తను కొనే దుకాణానిదే. లేకపోతే బైండు చేసి అంచులు కోశాక తెలుపులో తెలుపు కలవక చారలు కనిపిస్తాయి. పేజీలు రావడం మొదలైంది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో కాలవలు. అరవై ఒకటో పేజీ మీద నిలువునా తెల్ల గీత పడింది. తీసి పక్కన పెట్టింది.

"ఇది చెడింది. మళ్ళీ వెయ్యి."

"దానికీ డబ్బు పడుతుంది" అన్నాడు హాజీ గల్లా దగ్గర్నుంచి.

"మిషను చేసిన తప్పుకి మిషను యజమాని కడతాడు. ఈ పిల్ల కాదు."

మళ్ళీ వేశారు. చివర్లో మీటరు నూట మూడు ఎక్కువ చూపించింది. చెడిన కాగితం ఆమె హాజీ బల్ల మీదే వదిలేసి, నూట రెండూ రఘ్దా చేతుల్లో పెట్టింది. "వంచకు. వెచ్చగా ఉన్నాయి, చుట్టుకుపోతాయి. విప్పి పరిచి చల్లారనివ్వాలి."

సందులోకి వచ్చాక రఘ్దా ఏదో అనబోయింది. "మాట్లాడకు, నడువు" అంది విజ్దాన్.

రెండు నలుపు మిషన్లూ ఒకేసారి మొదలుపెట్టింది. ఏడు వందల ముప్ఫై ఎనిమిది పేజీలు. ప్రతి పేజీ నెత్తినా గీత బూడిద రంగులో, బుద్ధిగా వచ్చి పడింది. బల్ల మీద ఆరు గుట్టలు పెట్టారు. బిషోయ్ నంబరు చదివితే, రఘ్దా ఆ నంబరు రంగు పేజీ ఆరింటినీ ఆరు గుట్టల్లో దూర్చింది. ముప్ఫై ఎనిమిది, నలభై రెండు, నలభై మూడు. ఒకచోట నలభై తొమ్మిది రెండుసార్లు పెట్టేశారు, విజ్దాన్ చూసి ఒకటి లాగి, అది లేని గుట్టలో పెట్టింది. "కాలవ రెండుసార్లు పూడిపోయిందనుకుంటారు మీ మాస్టార్లు."

హాజీ మనుషులు ఇద్దరు తోపుడుబండి తీసుకుని వచ్చేసరికి పేర్చడం దాదాపు పూర్తయింది. చెప్పిన గంట కూడా కాలేదు. విజ్దాన్ లేచి, హాజీ కట్టలు ఒక్కొక్కటే పేరు చదివి, లెక్క చెప్పి అందించింది. బండి నిండుతోంది. ఆమె ముఖం ఏ భావం లేకుండా ఉంది, కానీ లోపల ప్రతి కట్టకూ మూడు వందల అరవై అని ఒక గొంతు లెక్క చెబుతూనే ఉంది. ఆ గొంతు నోరు మూయించడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

మూడో కట్ట బండెక్కుతుండగా ఎదురు కొట్లోంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. కొట్లో వేళ్ళ మీద లెక్క వేసుకున్నవాడు.

"ఆగండి, ఆగండి. సమీహ్ జట్టు, ఆరు కాపీలు. నాదే అది. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఫైసల్‌కి" అన్నాడు బండి మనిషి.

"నన్నడిగారా? రిపోర్టు నాది. ముద్రణ డబ్బు కట్టేశాను, అది పోతే పోయింది. అట్టకి కట్టిన ఆరు వందలు వెనక్కి ఇమ్మని మీ హాజీకి చెప్పండి. నా అట్ట ఇక్కడే వేయిస్తా. టాంట్, దింపండి."

"హాజీ ఒప్పుకోడు."

"హాజీ ఒప్పుకోవడమేంటి? కాగితాల మీద ఆయన పేరుందా, నా పేరుందా?"

బండి మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకీ ఈ గొడవతో పనిలేదు, జీతం జీతమే. కట్ట దింపేశారు. కుర్రాడు దాన్ని తనే మోసి విజ్దాన్ బల్ల మీద పెట్టి, ఆరు వందల కోసం అరుస్తూ తిరిగి ఎదురు కొట్లోకి పోయాడు. కాసేపటికి ఇంకో జట్టు అమ్మాయి వచ్చి తమ ఆరు కాపీలూ దింపించింది. మిగతా ఐదు జట్ల వాళ్ళు అక్కడ లేరు, లేదా ఉండీ ఊరుకున్నారు. వాటిని బండి తీసుకెళ్ళిపోయింది.

రఘ్దా ఖాళీ అయిన అరల వైపు చూస్తూ నిలబడింది. లెక్క ఆమెకు బాగా వచ్చు. నలభై రెండులో పన్నెండు మిగిలాయి. తొంభై చొప్పున వెయ్యి ఎనభై. రెండు వేల ఐదు వందల ఇరవై పోయాయి. రేపటి నుంచి వచ్చేవి కూడా రావు. అమ్మాయి కళ్ళు చెమర్చాయి.

"మా వల్ల మీరు ఇదంతా పోగొట్టుకున్నారు టాంట్."

విజ్దాన్ మొదటి కాపీని ప్రెస్సులో పెట్టి, అంచులు గోటితో సరిచేసి, పిడి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. ఇనుము కిర్రుమంది. కాగితాలు ఊపిరి వదిలినట్టు ఒక్కసారి అణిగాయి.

"పోగొట్టుకోలేదమ్మా, మానేశాను" అంది. "జిగురు డబ్బా ఇటివ్వు."